ఆకుపచ్చ బాణం ఉన్నా డేటా ఎందుకు పోతోంది?

ప్రశ్న: సార్, మాది గుంటూరు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తాను. వారానికి ఆరు రోజులు, రానూ పోనూ రెండు గంటల ప్రయాణం. ఉదయం రైల్లో భక్తి పాటలు, సాయంత్రం బస్సులో సినిమా పాటలు వింటాను. నాది 84 రోజులకు మొత్తం 6 జీబీ ఇచ్చే ప్లాన్. మ్యూజిక్ యాప్‌కి డబ్బు కట్టి రెండు లిస్టులూ డౌన్‌లోడ్ చేశాను, ఆకుపచ్చ బాణం గుర్తు కూడా కనిపిస్తోంది. అయినా 50వ రోజుకే డేటా అయిపోయింది. ఫోన్‌లో చూస్తే ఆ యాప్ ఒక్కటే నెలలో 1.9 జీబీ వాడినట్టు ఉంది. క్వాలిటీ High లో పెట్టాను. సాయంత్రం మాత్రం ఏ పాట గుర్తొస్తే అది వెతికి పెట్టుకుంటాను. డౌన్‌లోడ్ చేసిన పాటలకి డేటా ఎందుకు పోతోంది? డేటా సేవర్ పెడితే సౌండ్ పాడవుతుందని మా తమ్ముడు అంటున్నాడు. ఇంట్లో వైఫై లేదు.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: అమ్మా, డౌన్‌లోడ్ అయిన పాట వింటే డేటా పోదు. ఆ విషయంలో మీకు అనుమానం అక్కర్లేదు. పోతున్నది వేరే పాటలకి. ఆ సంగతి మీరు రాసిన 1.9 జీబీ లెక్కలోనే ఉంది.

మీరు యాప్ పేరు రాయలేదు గానీ ఆకుపచ్చ బాణం అన్నారు కాబట్టి స్పాటిఫై అనుకుని చెబుతున్నాను. అందులో High అంటే సెకనుకి సుమారు 160 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి అది సెకనుకి 20 కిలోబైట్లు, నిమిషానికి 1.2 ఎంబీ, గంటకి 72 ఎంబీ. ఇప్పుడు మీ 1.9 జీబీని నెలలో మీరు ప్రయాణం చేసే 26 రోజులకి పంచండి. రోజుకి 73 ఎంబీ వస్తుంది. అంటే దాదాపు సరిగ్గా ఒక గంట పాట. మీరు వినేది రెండు గంటలు. అందులో ఒక గంట ఫోన్‌లో ఉన్న పాటలే మోగుతున్నాయి, రెండో గంట నెట్ నుంచి వస్తోంది.

ఆ రెండో గంట ఏదో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఉదయం లిస్టు తెరిచి నొక్కుతారు, అది ఫోన్‌లోంచే మోగుతుంది. సాయంత్రం వెతుకుతారు. చిక్కంతా అక్కడే.

మన సినిమా పాట ఒకటే అయినా యాప్‌లో అది నాలుగైదు చోట్ల ఉంటుంది. సినిమా ఆల్బమ్‌లో ఒకటి, ఆ గాయకుడి హిట్స్‌లో ఒకటి, ఆ సంగీత దర్శకుడి సంకలనంలో ఇంకొకటి. వినేవాళ్లకి అన్నీ ఒకటే పాట. యాప్‌కి మాత్రం అవి వేరు వేరు ఫైళ్లు కావచ్చు. మీరు డౌన్‌లోడ్ చేసింది సినిమా ఆల్బమ్‌లోది, వెతికితే ముందు వచ్చింది సంకలనంలోది అనుకోండి. అది మీ ఫోన్‌లో లేదు కాబట్టి నెట్ నుంచి తెస్తుంది. సిగ్నల్ బాగుంటే ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు.

దీనికి తోడు Autoplay ఉంది. మీరు వెతికి పెట్టిన ఒక్క పాట అయిపోగానే యాప్ ఆగదు, దానికి దగ్గరగా ఉండే పాటలు తనే వరసగా వేస్తూ పోతుంది. వారధి దాటేసరికి మీరు కోరిన పాట ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మంగళగిరి దగ్గర మోగుతున్నది యాప్ ఎంచినది. పాటలు బాగానే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డౌన్‌లోడ్ చేసిన లిస్టు చివరికొచ్చినా ఇదే జరుగుతుంది.

ఇంకో చిన్న సంగతి. లిస్టు పేరు కింద బాణం చూసి మొత్తం దిగిందనుకోకండి. ఆ తర్వాత మీరు ఆ లిస్టులో కొత్త పాటలు చేర్చి ఉంటే, మొబైల్ డేటాతో డౌన్‌లోడ్ వద్దని సెట్టింగ్ ఉన్నప్పుడు అవి వైఫై కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. కానీ నొక్కితే మోగుతాయి, నెట్ నుంచి. ఒక్కో పాట పక్కన బాణం ఉందో లేదో చూడాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. యాప్‌లో మీ ఫోటో లేదా పేరు మొదటి అక్షరం ఉన్న చోట నొక్కి Settings లోకి వెళ్లండి. వెర్షన్‌ని బట్టి మెనూ పేర్లు అటూ ఇటూ మారుతుంటాయి, కానీ Offline mode అన్న మాట మాత్రం కనిపిస్తుంది. ఉదయం గుంటూరు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఉండగానే అది ఆన్ చేసేయండి. ఫోన్ డేటా ఆపనక్కర్లేదు, వాట్సాప్ మామూలుగానే వస్తుంది. ఈ యాప్ ఒక్కటే నెట్‌ని ముట్టుకోదు. ఇక వెతికినా ఫోన్‌లో ఉన్న పాటల వరకే వినగలరు. దిగని పాటలు మసక రంగులో కనిపిస్తాయి, నొక్కినా మోగవు. Autoplay కి కూడా పని ఉండదు. మీ లిస్టులో ఏవి నిజంగా దిగాయో, ఏవి దిగలేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

మొదటి రోజు సాయంత్రం కొంచెం చిరాకు పడతారు, ముందే చెబుతున్నా. గుర్తొచ్చిన పాట మసకగా ఉంటుంది. దాని పేరు ఎక్కడైనా రాసుకోండి. వారంలో ఓ పదిహేను ఇరవై పోగవుతాయి, వాటిని ఒకేసారి దించుకోవచ్చు. రెండు మూడు వారాలకి మీ సాయంత్రం లిస్టు మీకు నిజంగా గుర్తొచ్చే పాటలతోనే నిండిపోతుంది.

ఇక డేటా సేవర్. మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. Data saver ఆన్ చేస్తే పాట Low క్వాలిటీకి, అంటే సెకనుకి సుమారు 24 కిలోబిట్లకి పడిపోతుంది. గంటకి 11 ఎంబీ కూడా కాదు. పాట మోగుతున్నప్పుడు తెర మీద తిరిగే చిన్న వీడియో తునకలు, వాటిని Canvas అంటారు, అవి కూడా ఆగిపోతాయి. సౌండ్‌లో తేడా వస్తుంది, రాదని నేను అనను. మాట, గొంతు స్పష్టంగానే ఉంటాయి గానీ తాళాల గలగల, వయొలిన్ల గుంపు, పాట వెనక ఉండే గాలి, అవన్నీ అణిగిపోతాయి. ఇంట్లో రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇళయరాజా పాట వింటే ఈ లోటు చెవికి గుచ్చుకుంటుంది. హైవే మీద బస్సులో, కిటికీ అద్దం తీసి ఉండగా, కండక్టరు టికెట్ టికెట్ అంటుండగా వినేవాళ్లకి అంత తెలియదు.

కానీ మీ తమ్ముడికి తెలియనిది ఒకటుంది. డేటా సేవర్ వల్ల డౌన్‌లోడ్ అయిన పాటల సౌండ్ తగ్గదు. అది నెట్ నుంచి వచ్చే పాటలకి మాత్రమే. డౌన్‌లోడ్ క్వాలిటీ వేరే చోట, Media quality లో Download అన్న దగ్గర ఉంటుంది. కాబట్టి డేటా సేవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఏదో ఒక రోజు Offline mode పెట్టడం మర్చిపోతారు, అందరం మర్చిపోతాం. ఆ రోజు 72 పోవాల్సిన చోట 11 పోతుంది.

Automatic అన్నది ఇంకొకటి కనిపిస్తుంది. పేరు చూసి అది మీ డేటాని ఆదా చేస్తుందనుకోకండి. అది చూసేది సిగ్నల్‌ని, మీ ప్లాన్‌ని కాదు. తాడేపల్లి దగ్గర సిగ్నల్ బలంగా ఉంటే క్వాలిటీ పెంచుతుంది. 6 జీబీని 84 రోజులు లాక్కురావాల్సిన మనిషికి అది పనికిరాదు.

మీ ప్లాన్ మీద లెక్క వేసి చూద్దాం. 50 రోజుల్లో 6 జీబీ అంటే రోజుకి 120 ఎంబీ. నెలకి 1.9 జీబీ పాటలకి పోతే రోజు మీద సగటున 63. మిగిలిన 57 ఎంబీ వాట్సాప్, ఫోన్‌పే, ఇతరత్రా. పాటల ఖర్చు పూర్తిగా తీసేస్తే ఆ 57 చొప్పున 84 రోజులకి 4.8 జీబీ అవుతుంది. ప్లాన్ సరిపోవడమే కాక ఒక జీబీకి పైగా మిగులుతుంది. Offline mode జోలికి పోకుండా, సాయంత్రం గంటా డేటా సేవర్‌లోనే విన్నారనుకోండి. 72 పని దినాలకి ఇంకో 0.8 జీబీ కలుస్తుంది. మొత్తం 5.6. అదీ 6 లోపలే, కానీ అంచు మీద. బంధువులు నాలుగు పెళ్లి వీడియోలు పంపితే దాటిపోతుంది. అందుకే నా ఓటు డౌన్‌లోడ్‌కే, డేటా సేవర్ వెనక కాపలా మాత్రమే.

ఇంట్లో వైఫై లేదన్నారు, మరి కొత్త పాటలు ఎక్కడ దించుకోవాలి? మీ తమ్ముడిది రోజుకి ఒకటిన్నర, రెండు జీబీ ఇచ్చే ప్లాన్ అయితే అదే మీ వైఫై. అలాంటి ప్లాన్లలో ఆ రోజు మిగిలింది మర్నాటికి రాదు, ఎక్కువగా అర్ధరాత్రికి మురిగిపోతుంది. రాత్రి పదిన్నరకి తన హాట్‌స్పాట్ ఆన్ చేయమనండి. డౌన్‌లోడ్ క్వాలిటీ ముందుగా Normal లో పెట్టుకోండి, అంటే 96 కిలోబిట్లు. నాలుగున్నర నిమిషాల పాట 3.2 ఎంబీ అవుతుంది. మీరు రాసుకున్న ఇరవై పాటలు 65 ఎంబీ. లిస్టు మొత్తం మళ్లీ దించాల్సి వచ్చినా 150 పాటలు అర జీబీ లోపే. అదే Very high లో అయితే, అంటే 320లో, ఒకటిన్నర జీబీ దాటుతుంది. బస్సు ప్రయాణానికి Normal చాలని నా అభిప్రాయం. చెవి ఒప్పుకోకపోతే High కి మార్చుకోండి, ఇరవై పాటలకి ఇంకో 43 ఎంబీ తేడా, అదీ మీ డేటా కాదు.

హాట్‌స్పాట్‌తో ఒక మెలిక ఉంది. మీ ఫోన్ దాన్ని వైఫై అనుకోవచ్చు. అనుకుందంటే ఎప్పటినుంచో వైఫై కోసం కాచుకున్నవన్నీ ఒక్కసారి లేస్తాయి: ప్లే స్టోర్‌లో యాప్‌ల అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్. మీ ఇరవై పాటలు దిగేలోగా తమ్ముడి జీబీ అయిపోతుంది, ఆ తర్వాత చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, ఇంట్లో గొడవ. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో Auto-update apps ని Don't auto-update apps కి మార్చి, ఫోటోల బ్యాకప్ ఆపి, అప్పుడు హాట్‌స్పాట్ తగిలించండి. అన్నట్టు ఆ 64 స్పీడులో 96 కిలోబిట్ల పాట ఆగి ఆగి వస్తుంది, 24 కిలోబిట్లది మాత్రం సాగే అవకాశం ఉంది. డేటా అయిపోయిన సాయంత్రం ఆయనకి ఈ ముక్క చెప్పండి, డేటా సేవర్ మీద అభిప్రాయం మారుతుంది.

తమ్ముడు కుదరకపోతే విజయవాడ స్టేషన్లో రైల్‌వైర్ వైఫై ఉంది. ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే రోజుకి మొదటి అరగంట ఉచితం, స్పీడ్ 1 ఎంబీపీఎస్. ఆ స్పీడులో అరగంట నిండుగా దొరికితే 225 ఎంబీ వస్తుంది. రద్దీ వేళ అందులో సగం వచ్చినా Normal క్వాలిటీలో ముప్పై పైచిలుకు పాటలు. వారానికి ఒక్కరోజు చాలు. దిగుతున్నంతసేపు యాప్ తెరిచే ఉంచండి, తెర ఆరిపోతే చాలా ఫోన్లు బ్యాటరీ మిగిల్చే ఉత్సాహంలో డౌన్‌లోడ్‌ని మధ్యలో ఆపేస్తాయి. ఆ సమయానికి Offline mode ఆఫ్ చేయాలన్నది వేరే చెప్పక్కర్లేదనుకోండి, కానీ నేనే రెండుసార్లు మర్చిపోయి వైఫై పనిచేయట్లేదని తిట్టుకున్నాను.

డౌన్‌లోడ్ సెట్టింగ్స్‌లో cellular అన్న మాటతో ఒక స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి. ఆన్‌లో ఉంటే, మీరు ఇష్టమైన పాటల లిస్టుకి కూడా డౌన్‌లోడ్ పెట్టుకుని ఉంటే, పాట పక్కన ప్లస్ గుర్తు నొక్కిన ప్రతిసారీ అది మీ 6 జీబీలోంచి దిగుతుంది.

చివరగా ఒక జాగ్రత్త, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. కొన్నేళ్ల క్రితం ఇలాగే డేటా మిగల్చాలని ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక మ్యూజిక్ యాప్‌కి నెట్ పూర్తిగా కట్ చేసి పారేశాను. నెలంతా బాగానే ఉంది. తర్వాత ఒకరోజు రైలెక్కి యాప్ తెరిస్తే ఒక్క పాట లేదు. తప్పు నాదే, నిబంధన తెలుసుకోలేదు. స్పాటిఫైలో డౌన్‌లోడ్లు నిలవాలంటే 30 రోజుల్లో కనీసం ఒక్కసారైనా యాప్ నెట్‌కి తగలాలి, మీ సభ్యత్వం నడుస్తోందో లేదో అప్పుడు చూసుకుంటుంది. యూట్యూబ్ మ్యూజిక్‌లోనూ ఇలాంటి 30 రోజుల పద్ధతే. వారానికోసారి కొత్త పాటలు దించుకుంటూ ఉంటే దీని గురించి మీరు ఆలోచించే పనే ఉండదు. సభ్యత్వానికి డబ్బు కట్టడం ఆపినా, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా డౌన్‌లోడ్లు పోతాయి. ఫోన్‌లో స్థలం చాలక ఏదైనా శుభ్రం చేయాల్సి వస్తే యాప్ లోపల ఉండే Clear cache నొక్కండి, దాని వల్ల దించిన పాటలు పోవు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే Clear data జోలికి వెళ్లకండి, అది అన్నీ తుడిచేస్తుంది.

ఒకవేళ నేను ఊహించింది తప్పై, మీది యూట్యూబ్ మ్యూజిక్ అయితే సూత్రం ఇదే గానీ అనుమానించాల్సింది వేరు. అక్కడ పాట బదులు దాని వీడియో మోగుతూ ఉండొచ్చు, తెర ఆరి ఉన్నప్పుడు తప్ప వీడియోకి పోయే డేటా పాటకన్నా చాలా ఎక్కువ. సెట్టింగ్స్‌లో Don't play music videos ఆన్ చేసి, మొబైల్ నెట్‌వర్క్ మీద ఆడియో క్వాలిటీ Low కి తేవాలి. అక్కడ Low అంటే 48 కిలోబిట్ల వరకు, గంటకి 22 ఎంబీ లోపు.

రేపు ఇలా చేయండి. గుంటూరులో రైలెక్కే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిచి ఈ యాప్ ఎదురుగా ఎంత ఉందో రాసుకోండి. Offline mode పెట్టి రెండు వైపులా ప్రయాణం చేసి, రాత్రి ఇంటికొచ్చాక మళ్లీ చూడండి. అంకె కదలకూడదు. 10, 12 ఎంబీ పెరిగిందంటే సాయంత్రం Offline mode ఆఫ్ అయి ఉండి డేటా సేవర్ కాపాడిందన్నమాట. 70 దాటి పెరిగిందంటే రెండూ ఆన్ కాలేదు. యాప్ అంకె కదలకుండా మొత్తం డేటా మాత్రం తగ్గుతుంటే ఆ పేజీలోనే పై వరసలో ఏ యాప్ ఉందో చూసి నాకు రాయండి, అప్పుడు పాటలని వదిలేసి దాని సంగతి చూద్దాం.